బోదకాలుకి ‘21 రోజుల’ నూనె, సాక్స్ కిట్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

ఫోన్‌లో వచ్చే ప్రకటనలు చూసి బోదకాలుకి నూనె, లేపనం, ఫ్రీ సైజ్ సాగే సాక్స్ కలిపిన కిట్ కొనాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటివి పది పేర్లతో తిరుగుతున్నాయి, ఒక పేరు రాస్తే మిగతావి మంచివేమో అనుకుంటారు. మేము కొన్నదాని ధర 3,499 రూపాయలు, డబ్బు ముందే కట్టించుకున్నారు. డబ్బు పోయినందుకు కాదు ఈ పోస్టు. ఆ కిట్ వాడాక మా పిన్నికి కాలు ఎర్రబడి, చలిజ్వరంతో సెలైన్ పెట్టించుకోవాల్సి వచ్చింది. అందుకు.

పిన్నిది కోనసీమ. పెళ్ళయిన కొత్తలోనే కుడికాలు వాచడం మొదలైంది. ఇప్పుడు చీలమండ దగ్గర చర్మం దళసరిగా, గట్టిగా ఉంటుంది, పైన రెండు లోతైన మడతలు. లోతు అంటే చేత్తో విప్పితే తప్ప మడత అడుగు కనిపించదు. బోదకాలులో డాక్టర్లు దశలు లెక్కపెట్టేటప్పుడు ఈ తేడానే చూస్తారు. మడత అడుగు మామూలుగా కనిపిస్తే ఒక దశ, విప్పితేనే కనిపిస్తే అంతకంటే ముదిరిన దశ. మీ ఇంట్లో వాళ్ళ కాలు ఈ రెండో రకం అయితే కింద రాసేది ఇంకా జాగ్రత్తగా చదవండి.

కిట్‌లో కాగితం ఏం చెప్పిందంటే, రాత్రి కాలుని వేడినీళ్ళతో కడిగి, నూనె గోరువెచ్చగా చేసి మడతల్లోకి దిగేలా గట్టిగా మర్దనా చేయాలి. దానిమీద లేపనం పట్టించి, సాక్స్ తొడిగి, తెల్లారేదాకా ఉంచాలి. ‘పురుగు చచ్చి వాపు కరిగిపోతుంది’ అని పెద్ద అక్షరాల్లో అచ్చు వేశారు.

మోసం మొదలయ్యేది ఆ పురుగు మాట దగ్గరే. బోదకాలు క్యూలెక్స్ దోమ కుట్టడం వల్ల ఒంట్లో చేరే ఫైలేరియా పురుగు వల్లే వస్తుంది, అది నిజం. కానీ ఆ పురుగు ఉండేది చర్మం మీద కాదు, లోపల, ఒంట్లో నీటిని పైకి మోసే శోషరస నాళాల్లో. చర్మానికి పూసిన నూనె దాన్ని చేరదు. పైగా ఏళ్ళ తరబడి వాచి మడతలు పడిన కాలులో చాలాసార్లు ఆ పురుగులు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి. మిగిలింది పాడైపోయిన నాళాలు. ఒంట్లో నీరు కిందినుంచి పైకి సరిగా పోలేక కాలులో నిలిచిపోతుంది, నిలిచిన చోట చర్మం మందమవుతుంది. మరి మధ్యమధ్యలో వచ్చే జ్వరం, ఎరుపు, మంట? అవి ఎక్కువగా పురుగువల్ల కాదు. వేళ్ళ సందుల్లో, మడతల్లో చర్మం నాని, పగిలి, అక్కడినుంచి మామూలు బ్యాక్టీరియా లోపలికి దూరడం వల్ల. పాడైన కాలికి దాన్ని ఎదుర్కొనే శక్తి తక్కువ. ఇలా జ్వరం వచ్చిన ప్రతిసారీ నాళాలు ఇంకొంచెం దెబ్బతింటాయి, వాపు ఇంకొంచెం పెరుగుతుంది.

ఇది తెలిస్తే ఆ కిట్ ఎందుకు ప్రమాదమో ఇట్టే అర్థమవుతుంది. లోతైన మడతకి కావలసింది శుభ్రం, పొడి. కిట్ చేసేది సరిగ్గా దానికి వ్యతిరేకం: నూనె పోసి, లేపనం మెత్తి, గాలి ఆడకుండా రాత్రంతా మూసేయడం. గట్టి మర్దనాకి మడత అంచుల్లో చర్మం చిట్లుతుంది. ఆ చిట్లినచోటే బ్యాక్టీరియాకి దారి.

పిన్నికి మొదట్లో కాలు కాస్త తేలిగ్గా అనిపించింది. రాత్రంతా కాలు చాపుకుని పడుకుంటే ఎవరికైనా కొంత దిగుతుంది, అందులో నూనె గొప్పేమీ లేదు. తర్వాత దురద వచ్చింది. మడతలో చర్మం తెల్లగా నానినట్టయింది, సాక్స్ విప్పితే పులిసిన వాసన. సాక్స్ పై పట్టీ మోకాలి కింద బిగుసుకుని గీత పడింది. ఫ్రీ సైజ్ సాక్స్ ఇలాంటి కాలికి నప్పదు. ఉబ్బిన చోట నొక్కేస్తుంది, మడత దగ్గర ఖాళీగా ఉంటుంది, పైన తాడు కట్టినట్టు బిగుస్తుంది. ఫొటోలు తీసి అమ్మినవాళ్ళకి వాట్సాప్‌లో పంపితే వచ్చిన జవాబు: ‘మంచి సంకేతం మేడమ్, విషం బయటికి వస్తోంది, ఆపకండి, నూనె ఇంకొంచెం ఎక్కువ వేయండి.’

నన్ను ఈ పోస్టు రాయించింది ఆ ఒక్క మాట. ఆ మర్నాడే గజ్జల్లో బిళ్ళ కట్టింది. సాయంత్రానికి దుప్పట్లు కప్పినా ఆగని వణుకు, కాలు ఎర్రగా, ముట్టుకోనివ్వనంత మంట. అది విషం బయటికి పోవడం కాదు, ఇన్ఫెక్షన్ లోపలికి పోవడం. ఏ అమ్మకందారైనా దురద, వాసన, జ్వరం ‘మందు పనిచేస్తున్న గుర్తు’ అన్నాడంటే ఆ క్షణమే వాడకం ఆపేయండి.

ఊళ్ళో డాక్టర్ గారు కాలు చూసి, మడతల్లో మిగిలిన నూనెని మెల్లగా కడిగించారు. యాంటీబయాటిక్, పారాసెటమాల్ ఇచ్చి, కాలు దిండ్ల మీద ఎత్తిపెట్టమన్నారు. మంటకి మామూలు చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డ. జ్వరం ఉన్నన్నాళ్ళూ మర్దనా వద్దు, సాక్స్ వద్దు, వేడి కాపడం వద్దు, వ్యాయామం కూడా వద్దు అన్నారు. నీరు తీయాలని బ్లేడుతో గాట్లు పెట్టించే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది, అది అసలు వద్దు. ‘ఫైలేరియా పురుగుకి ఇచ్చే డీఈసీ మాత్రలు మొదలుపెడదామా?’ అని నేను అడిగితే, ఈ జ్వరం నడిచేటప్పుడు అవి వేయరని చెప్పారు. ఇలాంటి సమయంలో మనిషి అయోమయంగా మాట్లాడినా, ఊపిరి కష్టమైనా, కాలి మీద బొబ్బలు, చీము, నలుపు కనిపించినా, షుగర్ ఉన్న మనిషి అయినా ఇంట్లో చూస్తూ కూర్చోకండి, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇప్పుడు పిన్ని రోజూ చేస్తున్నది చెప్తాను. ఇందులో కొనాల్సింది దాదాపు ఏమీ లేదు.

సాయంత్రం వెలుతురు ఉండగానే పీట మీద కూర్చుంటుంది. ముందు చూడటం. మడతలు ఒక్కొక్కటే విప్పి, వేళ్ళ సందులు విడదీసి, ఎక్కడైనా తెల్లగా నానిందా, పగిలిందా, వాసన వస్తోందా చూస్తుంది. తనకి వంగితే అందదు కాబట్టి చెల్లెలు చూస్తుంది. తర్వాత కడగడం. వేడినీళ్ళు కాదు, మామూలు శుభ్రమైన నీళ్ళు. ఘాటు లేని మామూలు స్నానం సబ్బు చేతిలో నురగ చేసుకుని మోకాలి నుంచి కిందికి వస్తుంది. మడత దగ్గర ఒక చేత్తో విప్పి పట్టుకుని, ఇంకో చేత్తో మెత్తటి గుడ్డతో మెల్లగా. బ్రష్షు, పీచు, ఇటుక ముక్క దగ్గరికి రానివ్వదు. జిగట పోయేదాకా నీళ్ళు పోస్తుంది, సబ్బు మడతలో మిగిలినా దురదే. రెండో కాలు కూడా ఇలాగే, అది బాగానే ఉన్నా సరే.

అసలు పని ఆ తర్వాత ఉంది, అందరూ తొందరపడేదీ అక్కడే. తుడవడం. పాత నూలు చీర ముక్కలు ఉతికి ఎండబెట్టి పెట్టుకుంది. రుద్దదు, అద్దుతుంది. మడతలోకి గుడ్డ మడిచి పెట్టి తడి పీల్చేదాకా ఉంచుతుంది, వేళ్ళ సందుల్లోకి కట్లు కట్టే సన్నటి గాజ్ గుడ్డ. ఆ తర్వాత కాసేపు ఫ్యాన్ కింద మడత విప్పి పట్టుకుని కూర్చోవడం. కడగడం కంటే దీనికే ఎక్కువసేపు పడుతుంది. తడిగా వదిలేసేటట్టయితే కడగకపోవడమే నయం అని డాక్టర్ గారు సగం నవ్వుతూ అన్నారు గానీ, ఆ మాటలో నిజం ఉంది.

పొడిబారాక, సందుల్లో దురద, తెల్లదనం ఉన్నచోట డాక్టర్ రాసిన క్లోట్రిమజోల్ క్రీము పల్చగా. పిక్క మీద చర్మం ఎండి పగిలేలా ఉంటే అక్కడ మాత్రం కొద్దిగా వాజలిన్. మడత లోపలికి, వేళ్ళ మధ్యకి వాజలిన్ గానీ నూనె గానీ వెళ్ళకూడదు. పౌడర్ కూడా చెమటకి ముద్ద కడుతుంది, మేము మానేశాం. గోళ్ళు అడ్డంగా, చర్మం తెగకుండా కత్తిరించడం, బయట వెడల్పు చెప్పులు, కూర్చున్నప్పుడు కాలు బల్లమీద, పాదం పైకీ కిందికీ ఆడించడం. రాత్రి మంచం కాళ్ళవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేశాం. గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఈ ఎత్తు సంగతి డాక్టర్‌ని అడిగాకే చేయండి.

దీనివల్ల పిన్ని కాలు సన్నబడిందా అంటే, మడతలు మడతల్లాగే ఉన్నాయి. వాసన పోయింది, కడగడం మొదలుపెట్టాక ఆ జ్వరం మళ్ళీ రాలేదు. ఈ దశలో మనం ఆశించాల్సింది అదే. ఎవరైనా 21 రోజుల్లో కాలు మామూలైపోతుందని ‘ముందు, తర్వాత’ ఫొటోలు చూపిస్తే, మొదటి ఫొటో సాయంత్రం, రెండోది తెల్లవారి తీసిందేమో అనుమానించండి. మొదటి దశ వాపు రాత్రి పడుకుంటేనే దిగిపోతుంది. మడతలు పడిన కాలు అలా పూర్తిగా దిగదు.

కట్టు కట్టే వైద్యం మొత్తం తప్పని నేను అనడం లేదు. తెలిసిన ఫిజియోథెరపిస్టు మడతల్లో మెత్తలు పెట్టి, పొరలు పొరలుగా కట్టే పద్ధతి ఉంది, కొందరికి బాగా పనిచేస్తుంది. అది మనిషి కాలు చూసి, కొలిచి చేసే పని. కవర్‌లో పోస్టులో వచ్చేది కాదు.

కొనే ముందు ఒక్కసారి మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ, ఆశా కార్యకర్తని గానీ అడగండి. ఫైలేరియా పేషెంట్లకి టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, ఆయింట్‌మెంటు ఉన్న కిట్ ప్రభుత్వ కార్యక్రమం కింద ఉచితంగా ఇస్తారు, కడిగే విధానం కూడా చూపిస్తారు. మా ఇంట్లో ఆ టబ్బు చూశాక 3,499 గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

మా డబ్బు సంగతి: సీసా మూత తీశారు కాబట్టి వాపసు లేదన్నారు. సీసా మీద లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, ఏమేం కలిపారో లేదు. ఆయుర్వేద మందయినా ఇవి ఉండి తీరాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. సీసా, అట్టపెట్టె, ‘విషం బయటికి వస్తోంది’ అన్న మెసేజీ, డబ్బు కట్టిన రసీదు, అన్నీ దాచి ఉంచాం. మీరూ పారేయకండి.

ఇప్పటికే ఆ కిట్ వాడుతున్నవాళ్ళు ఈ రాత్రికే సాక్స్ విప్పండి. నూనె పోయేదాకా సబ్బుతో మెల్లగా కడిగి, బాగా తుడిచి, వెలుతురులో మడతలు విప్పి చూడండి. చర్మం చిట్లి ఉన్నా, ఎర్రగా వేడిగా ఉన్నా, గజ్జల్లో నొప్పి మొదలైనా జ్వరం వచ్చేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఆ సీసా కూడా వెంట తీసుకెళ్ళండి.