డబుల్ స్టార్ట్ స్క్రూ జాకీ కొనేవాళ్ళు జాగ్రత్త: నూనె వేశాక బరువు దానంతటదే దిగిపోయింది

పాత సామాన్ల కొట్లలో స్క్రూ జాకీ కొనే ఆలోచన ఉన్నవాళ్ళు ముందు ఇది చదవండి. నాకు ట్రాక్టర్లు, ట్రాలీలు బాగుచేసే చిన్న షెడ్డు ఉంది. పోయిన నెలలో 3,800 రూపాయలు పెట్టి చదరపు మరల జాకీ ఒకటి కొన్నాను. కొట్టాయన నాకు చెప్పిన గొప్పలు రెండు. ఒకటి, మామూలు జాకీకి పది చుట్లు పట్టే పని దీనికి ఐదు చుట్లలో అయిపోతుంది. రెండోది, పైన గిన్నె కింద బాల్ బేరింగ్ ఉంది కాబట్టి తేలిగ్గా తిరుగుతుంది. కొట్టు ముందున్న కారును లేపి చూపించాడు. అది కదలకుండా నిలబడింది. నేనూ నమ్మాను.

ఇంటికి తెచ్చాక మరల మధ్య గట్టిపడిన పాత గ్రీజు, దుమ్ము కిరోసిన్‌తో కడిగి, ఇంజిన్ ఆయిల్ పూశాను. ఎవరైనా చేసే పనే అది. మర్నాడు ఒక ట్రాలీ ఇరుసు కింద పెట్టి లేపాం. ఆ చక్రం వైపు బరువు సుమారు 2 టన్నులు ఉంటుంది. చక్రం విప్పి, బేరింగ్ ఊడదీయడానికి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాను. మా తమ్ముడు జాకీ రాడ్డు మీంచి చెయ్యి తీశాడు. రాడ్డు మెల్లగా వెనక్కి తిరగడం మొదలెట్టింది. "అన్నా, రాడ్డు కదులుతోంది!" అని పట్టుకోబోయేలోపే జోరందుకుని వాడి మణికట్టుకి తగిలింది. ఇరుసు వచ్చి, కింద ముందే పేర్చి ఉంచిన చెక్క దిమ్మల మీద కూర్చుంది. దిమ్మలు లేకపోతే నా కాళ్ళు ఆ ఇరుసు కిందే ఉండేవి.

కొట్టాయనకి ఫోన్ చేస్తే, "నువ్వు నూనె ఎందుకు వేశావు? తప్పు నీదే" అన్నాడు. ఆ మాట ఒప్పుకునేది కాదు. నూనె, గ్రీజు వేసి వాడాల్సిన వస్తువు అది. నూనె వేసినా బరువు మోసేలా ఉండాలి. ఎందుకు మోయలేదో కొలిచి లెక్క వేశాను.

మరను ఒక గుండ్రటి కడ్డీకి చుట్టిన ఏటవాలు బాట అనుకోండి. ఆ వాలు కోణం α. మరకీ నట్టుకీ మధ్య ఉండే రాపిడిని బట్టి వచ్చే కోణం φ. రాపిడి గుణకం μ అయితే tan φ = μ. స్క్రూ ఒక చుట్టు తిరిగితే బరువు లేచే ఎత్తు L, మర సగటు వ్యాసం d, బరువు W అనుకుంటే మర దగ్గర కావాల్సిన టార్క్, అంటే తిప్పే బలం, ఇది:

```
tan α = L / (π d)
ఎత్తడానికి:   T = W × (d/2) × tan(φ + α)
దించడానికి:   T = W × (d/2) × tan(φ − α)
```

రెండో లైనే మన ప్రాణాలు కాపాడేది. φ పెద్దగా, α చిన్నగా ఉంటే దించడానికి కూడా మనం బలం పెట్టి తిప్పాలి, వదిలేస్తే బరువు అక్కడే ఉంటుంది. దీన్నే సెల్ఫ్ లాకింగ్ అంటారు. α ఎక్కువైతే ఆ టార్క్ మైనస్‌లోకి పోతుంది. అంటే బరువే స్క్రూను తిప్పేస్తుంది. ఈ షరతులో W లేదని గమనించండి. పది కిలోలకు జారే మర పది టన్నులకూ జారుతుంది, కాబట్టి తక్కువ బరువుకే కదా వాడేది అని సర్దుకోవడానికి లేదు.

నా జాకీ స్క్రూ బయటి వ్యాసం 40 మి.మీ. మర శిఖరం నుంచి పక్క శిఖరానికి 7 మి.మీ. ఆ లెక్కన సగటు వ్యాసం 40 లోంచి 3.5 తీసేస్తే 36.5 మి.మీ. ఇది మామూలుగా ఒకే మర అయి ఉంటే చుట్టుకి 7 మి.మీ. లేవాలి. అప్పుడు tan α 0.061, కోణం మూడున్నర డిగ్రీలు. కానీ ఇందులో రెండు మరలు పక్కపక్కనే చుట్టి ఉన్నాయి, దీన్నే డబుల్ స్టార్ట్ అంటారు. చుట్టుకి 14 మి.మీ. లేస్తుంది. tan α 0.122, కోణం దాదాపు 7 డిగ్రీలు. ఐదు చుట్లలో పని అయిపోవడం వెనకున్న సంగతి ఇదే.

కొట్టులో మర ఎండిపోయి, జిడ్డుగా ఉంది. μ 0.15 అనుకుందాం, φ ఎనిమిదిన్నర డిగ్రీలు. 2 టన్నులకు దించే టార్క్ 10 న్యూటన్ మీటర్లు వస్తుంది. అర మీటరు రాడ్డు చివర రెండు కిలోల బలమన్నమాట. అంటే నిలబడుతుంది, కానీ అంచు మీద. అదే ఒకే మర అయితే 32 వచ్చేది. నూనె వేశాక μ 0.10 కి దిగిందనుకుంటే φ 5.7 డిగ్రీలే. ఇప్పుడు α దానికంటే పెద్దది. టార్క్ మైనస్ 8. రాడ్డు వెనక్కి తిరగడానికి అది చాలు, పైగా సుత్తి దెబ్బల అదురుకి ఉన్న పట్టు కూడా సడలుతుంది. ఒకే మర అయితే అదే నూనెతో కూడా ప్లస్ 14 ఉండేది.

బేరింగ్ సంగతి మరీ ముఖ్యం. మామూలు జాకీలో స్క్రూ తల మీద గిన్నె నేరుగా ఆని ఉంటుంది, అక్కడి రాపిడి కూడా స్క్రూను పట్టి ఉంచుతుంది. నా జాకీ కొలతలకి అది 40 న్యూటన్ మీటర్ల దాకా ఉండేది. మైనస్ 8 ని సునాయాసంగా ఆపేది. బాల్ బేరింగ్ పెట్టేసరికి అది 1 కన్నా తక్కువకి పడిపోయింది. అలాగని గిన్నె రాపిడిని నమ్ముకుని డబుల్ స్టార్ట్ కొనకండి. మర ఒక్కటే బరువు మోయగలగాలి.

తేలిగ్గా తిరిగే జాకీ అంటే మంచిదనే భ్రమ మనలో చాలామందికి ఉంది. బరువు లేపేటప్పుడు మనం పెట్టిన శ్రమలో సగానికి పైగా రాపిడికి పోగొట్టే చదరపు మరే బరువును పట్టి ఉంచుతుంది. నూనె వేశాక నా జాకీ మర సామర్థ్యం 54 శాతం, అంటే రాపిడికి పోయే శ్రమ సగం కన్నా తక్కువే. జారిపోయింది అందుకే.

కొనే ముందు స్క్రూ చివర చూడండి. మర మొదలయ్యే చోటు ఒకటే ఉండాలి, ఎదురెదురుగా రెండు కనిపిస్తే డబుల్ స్టార్ట్. చివర కనిపించకపోతే సుద్దతో గీత గీసి, సరిగ్గా ఒక చుట్టు తిప్పి, ఎంత లేచిందో స్కేలుతో కొలవండి. శిఖరాల మధ్య దూరానికి అది రెట్టింపు వస్తే సంగతి తెలిసిపోయినట్టే. ఆ ఎత్తును సగటు చుట్టుకొలతతో భాగించండి. 0.08 దాటితే నేను కొనను. కొట్టాయన ఒప్పుకుంటే మరను కడిగి, నూనె వేసి, బరువు ఎత్తి, కింద దిమ్మలు పెట్టి, రాడ్డు తీసేసి, పక్కన సుత్తితో తట్టి చూడండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి.

డబ్బు తిరిగి రాలేదు. ఆ జాకీ మీద ఎర్ర రంగు కొట్టి మూలన పెట్టాను. ఒకే మర స్క్రూ చేయించి వేద్దామని లేత్ ఆయన్ని అడిగితే, పాత నట్టులో కూడా రెండు మరలే ఉన్నాయి కాబట్టి కొత్త స్క్రూ అందులో పట్టదని, నట్టు కూడా మార్చాల్సిందేనని చెప్పాడు. ఇలాంటి జాకీ ఇప్పటికే మీ దగ్గరుంటే స్క్రూ ఒక్కటే మార్పించి డబ్బు పోగొట్టుకోకండి.