వెలుగుల బూట్లు, బొమ్మల బూట్లు: చాలాకాలం వాడిన తరువాత

మా పాపకు అయిదో ఏడు నడుస్తుండగా రెండు జతల బూట్లు కొన్నాము. మొదటిది అడుగు వేసినప్పుడల్లా మడమ దగ్గర ఎరుపు, నీలం, తెలుపు దీపాలు వెలిగే జత. రెండోదానికి దీపాలు లేవు, కానీ పైభాగమంతా కార్టూన్ బొమ్మ ముద్రించి, పట్టీ మీద అదే బొమ్మ ముఖాన్ని గట్టి ప్లాస్టిక్‌తో చేసి అతికించారు. రెండూ ఒకే కొలతవి. నెలల తరబడి మార్చి మార్చి తొడిగాము కాబట్టి, ఏది ఎక్కడ అరిగిందో, ఏది ఎందుకు పాడయిందో పక్కపక్కన పెట్టి చూసే వీలు కలిగింది.

ఈ రకం బూట్లలో అన్నింటికన్నా కష్టమైనది సరైన కొలత తెలుసుకోవడం. మామూలు బూటు వేలికి తగిలితే పిల్లలు వెంటనే చెబుతారు. దీపాలు వెలిగే బూటు ఎంత బిగుతుగా ఉన్నా, అది చేజారిపోతుందేమోనన్న భయంతో "సరిపోయింది" అనే అంటారు. కొనేటప్పుడే కాదు, కొన్ని నెలల తరువాత కాలు పెరిగి వేళ్లు ముందుకు తగులుతున్నప్పుడు కూడా అదే మాట చెబుతారు. అందువల్ల పాప మాటను గాని, పైనుంచి బొటనవేలితో నొక్కి చూడడాన్ని గాని నేను లెక్కలోకి తీసుకోలేదు. పైగా ఈ బూట్ల ముందుభాగం చాలాసార్లు గట్టిగా ఉంటుంది కాబట్టి నొక్కినా లోపల వేలు ఎక్కడుందో తెలియదు. బూటులోని మెత్తటి అట్టను బయటికి తీసి నేలమీద పరచి, పాపను దానిమీద రెండు కాళ్లమీద సమంగా బరువు మోపి నిలబడమని చెప్పి, మడమ అట్ట వెనక అంచుకు సరిగ్గా ఆనిన తరువాత, అన్నింటికన్నా పొడవైన వేలి ముందు ఎంత ఖాళీ మిగిలిందో చూడడమే నమ్మదగిన పద్ధతి. అట్ట లోపల అతికించేసి ఉంటే, ఒక మందపాటి కాగితాన్ని లోపలికి సరిపోయేలా కత్తిరించి వాడుకోవచ్చు.

మా లెక్క ఇలా సాగింది. అప్పుడు పాప పాదం 165 మిల్లీమీటర్లు, అట్ట 177 మిల్లీమీటర్లు. అంటే 12 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. కొత్త బూటుకు అది తగినంత. ఆ వయసులో పాదం నెలకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది కాబట్టి ఆరు నెలలకు ఆ ఖాళీ సగమవుతుంది, ఆపైన బూటు మార్చే ఆలోచన చేయాలి. దీన్నిబట్టి దీపాలు ఏళ్ల తరబడి వెలగనవసరం లేదని, ఆ ఆరేడు నెలలు వెలిగితే చాలని తేలింది. పెరిగే కాలికని రెండు కొలతలు పెద్దవి కొనడం ఈ బూట్ల విషయంలో మరీ నష్టం, ఎందుకంటే కాలు బూటుకు సరిపోయే సమయానికి దీపాలు ఆరిపోయి ఉంటాయి.

బరువు సంగతి. వంటింట్లో వాడే తూకం మీద పెడితే వెలుగుల బూటు ఒక్కొక్కటి 190 గ్రాములు, బొమ్మల బూటు 140 గ్రాములు తూగాయి. ఈ 50 గ్రాముల తేడా అంతా బ్యాటరీదే అనుకోవడం సరికాదు. మడమలో దాగిన చిన్న పెట్టె, దానిలోని నాణెం ఆకారపు బ్యాటరీ, దీపాలు, తీగలు అన్నీ కలిపినా బరువు స్వల్పమే. ఆ పెట్టె పట్టడానికి సోలును మందంగా, గట్టిగా పోతపోస్తారు. అసలు భారం అక్కడిది. భారం కన్నా నాకు ఎక్కువ చికాకు కలిగించినది ఆ గట్టిదనమే. బూటును రెండు చేతులతో పట్టి వంచితే, వేళ్ల మొదళ్లు ఆనే చోట, అంటే ముందునుంచి దాదాపు మూడో వంతు దగ్గర, అది వంగాలి. మా జత అక్కడ కష్టం మీద వంగేది, మొదటి వారాల్లో పాప పాదాన్ని పలకలా ఎత్తి వేసేది. రెండో పరీక్ష, అట్ట తీసి మడమ భాగాన్ని వేలితో తడమడం. పెట్టె అంచు గడ్డలా చేతికి తగిలితే అది పిల్లల మడమకూ తగులుతుంది. బూటు విప్పాక మడమ అడుగున ఎర్రటి గుర్తు కనబడుతుంది. మా జతలో పెట్టె లోతుగా ఉండడం వల్ల ఆ ఇబ్బంది రాలేదు.

దీపాలు ఎలా ఆరిపోతాయన్నది చూడదగిన విషయం. ఆ పెట్టెలో ఒక చిన్న స్ప్రింగు ఉంటుంది. మడమ నేలకు తగిలిన అదురుకు అది కదిలి పక్కనున్న లోహాన్ని తాకగానే దీపాలు వెలిగి, కాసేపు మినుకుమని ఆగిపోతాయి. నడవనప్పుడు బ్యాటరీ పెద్దగా ఖర్చు కాదు. మా జతలో అయిదో నెల దాటాక ఎడమ బూటులో ముందు నీలం, తెలుపు ఆగిపోయి, ఎరుపు మాత్రం మసకగా వెలుగుతూ వచ్చింది. నీలం, తెలుపు దీపాలకు ఎరుపు దానికన్నా ఎక్కువ వోల్టేజి కావాలి కాబట్టి బ్యాటరీ నీరసించినప్పుడు ఇలాగే జరుగుతుంది. దీనికి భిన్నంగా, బూటు కదలకుండా ఉన్నా దీపాలు ఆగకుండా వెలుగుతుంటే లోపలికి తడి చేరిందని అనుమానించాలి; అలా వదిలేస్తే బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది. అందుకే వీటిని వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు, నీళ్లలో నానబెట్టకూడదు. తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఒక బూటు వెలిగి మరొకటి వెలగకపోతే పిల్లలు ఆ జతనే వేసుకోనంటారు. మా ఇంట్లో మరో నెల వాడదగిన బూటు ఆ కారణంతోనే మూలకు చేరింది. పెట్టె మూసివేసి ఉంటుంది కాబట్టి బ్యాటరీ మార్చడం కుదరలేదు.

మన్నిక విషయంలో నన్ను నిరాశపరచినది దీపాల జత కాదు, బొమ్మల జత. బొమ్మను బట్ట మీద నేరుగా అద్దలేదు, పలచని ప్లాస్టిక్ పొర మీద ముద్రించి అతికించారు. నడిచేటప్పుడు వేళ్ల దగ్గర బూటు వంగిన ప్రతిసారీ ఆ పొర మడతపడి, రెండు నెలలు నిండకుండానే అడ్డంగా పగిలింది. పగులు అంచును పాప గోటితో లాగడం మొదలుపెట్టాక బొమ్మ సగం ఊడిపోయింది. అంతకన్నా పెద్ద లోపం పట్టీ మీది ప్లాస్టిక్ ముఖం. అది వంగదు కాబట్టి పట్టీ పాదం మీద ఒదిగి కూర్చోదు. ఎంత బిగించినా మడమ లోపల జారుతూ ఉండేది, మడమ వెనక చర్మం ఒరుసుకుపోయింది. వెలుగుల జతలో పట్టీ సాదాగా, పొడవుగా ఉండడం వల్ల కాలిని చక్కగా పట్టుకుంది. వెల్‌క్రోలో దారపు పోగులు చిక్కుకుని పట్టు తగ్గినప్పుడు పాత టూత్‌బ్రష్షుతో గీకితే మళ్లీ అతుక్కునేది.

మళ్లీ కొనవలసివస్తే సన్నని మడమ, సాదా పట్టీ ఉన్న వెలుగుల జతనే తీసుకుంటాను. అది కూడా రోజూ ఆటలకు కాక, అప్పుడప్పుడు తొడగడానికి. బొమ్మ కావాలని పాప పట్టుబడితే బట్ట మీద కుట్టినది గాని, నేరుగా అద్దినది గాని చూస్తాను. ఇంట్లో ఇంకా చిన్న పిల్లలుంటే మాత్రం వెలుగుల బూటు మడమను తరచూ తిప్పి చూడాలి. నాణెం బ్యాటరీని మింగితే అది గొంతులో ఇరుక్కుని, కొన్ని గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చివేయగలదు. సోలు చీలి పెట్టె బయటపడిన రోజే ఆ బూటును పిల్లలకు అందకుండా తీసివేసి, చెత్తబుట్టలో కాకుండా పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వాలి.