చందువా, రూప్‌చందా: ఫోటోలో తేల్చేదెలా

నిన్న బరంపురం మార్కెట్ నుంచి మా బావ ఫోటో పెట్టాడు, "చందువ చవగ్గా ఇస్తున్నాడు, తీసుకోనా?" అని. పళ్లెంలా గుండ్రంగా, వెండి రంగులో ఉంది, చూడగానే ఎవరైనా చందువే అంటారు. కవళ్లయితే సన్నగా పొడుగ్గా, శీలావతి అయితే పెద్ద పొలుసులతో దొరికిపోతాయి, తంటా అంతా ఈ రూప్‌చంద్‌తోనే, ఎందుకంటే అది చెరువులో పెంచే చేపైనా ఆకారం చందువదే.

నేను ముందు పొట్ట కింద చూశాను. అక్కడ రెండు చిన్న రెక్కలున్నాయి. పెరిగిన చందువకి అవి ఉండవు, పొట్ట అంచు నున్నగా సాగిపోతుంది. తర్వాత ఫోటో పెద్దది చేసి వీపు చూస్తే, పెద్ద రెక్కకీ తోకకీ మధ్య గోరంత కండ బుడిపె, అదీ రూప్‌చంద్‌దే. చందువ వీపు రెక్క, కింది రెక్క కొడవళ్లలా వెనక్కి వంగుతాయి, తోక లోతుగా చీలి కింది కొమ్ము పొడుగ్గా ఉంటుంది, పొలుసులు మరీ సన్నం, ముట్టుకుంటే రాలిపోతాయి.

రూప్‌చంద్ రొమ్ము మీదుండే ఎరుపుని మాత్రం నమ్మొద్దు, ఐసులో ఉంటే వెలిసిపోతుంది. నలుపు కూడా అంతే, నల్ల చందువ వేరే ఉంది. నోరు కనిపిస్తే ఇంకా సులువు: రూప్‌చంద్ పళ్లు మన దవడ పళ్లలా ఉంటాయి.

"రూప్‌చంద్ రేటుకిస్తే తీసుకో బావా" అన్నాను. అప్పటికే ముక్కలు కొట్టించేశాడట.