ప్రామిసరీ నోటులో బారువడ్డీ రాయాలా, చక్రవడ్డీ రాయాలా?

ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మి తీరుస్తానని ఒక రైతు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీతో లక్ష తీసుకున్నాడనుకుందాం. మూడేళ్లు పైసా కట్టలేదు.

బారువడ్డీ అయితే: మొత్తం 1,72,000.
ఏటా అసలులో కలిపే చక్రవడ్డీ అయితే: సుమారు 1,90,660. నెలనెలా కలిపితే రెండు లక్షలు దాటుతుంది.

బారువడ్డీ లెక్క ఎవరైనా సరిచూసుకోవచ్చు. చక్రవడ్డీలో ఎన్నాళ్లకొకసారి కలపాలో నోటులో రాయకపోతే అక్కడే తగాదా మొదలవుతుంది.

గడువు దాటితే వడ్డీ ఐదు రూపాయలవుతుందన్న షరతు చాలా నోట్లలో కనిపిస్తుంది. అప్పిచ్చినవారికి అది పెద్ద ధీమా. కానీ కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు దాన్ని జరిమానాగా చూస్తే, సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది. వడ్డీ మితిమీరి, లావాదేవీ అన్యాయంగా ఉందనిపిస్తే 1918 నాటి అధిక వడ్డీ రుణాల చట్టం కింద కోర్టు పాత లెక్కను తిరగదోడవచ్చు. దావా వేశాక వడ్డీ ఎంతన్నది కోర్టు విచక్షణ. వ్యాపారానికి సంబంధించని మామూలు అప్పులో, డిక్రీ తర్వాత అసలు మీద ఏటా 6 శాతానికి మించదు.

పంట చేతికొస్తేనే తీర్చగలిగేవారికి బారువడ్డీయే మేలు. ఏటా వడ్డీ తప్పక కట్టగల దుకాణదారుకు, ఏటా కలిపే చక్రవడ్డీ రాసుకున్నా అదనపు భారం పడదు. కలపడానికి బాకీ మిగలదు కదా.