జాగ్రత్త: BC517 పేరుతో మామూలు ట్రాన్సిస్టర్లు అంటగడుతున్నారు, కొన్నవారు వెంటనే పరీక్షించుకోండి

బఫర్ సర్క్యూట్ల కోసం ఆన్‌లైన్‌లో BC517 డార్లింగ్టన్ ట్రాన్సిస్టర్లు కొనేవారికి ఈ హెచ్చరిక. నాకు వచ్చిన ప్యాకెట్‌లో ఒక్కటి కూడా డార్లింగ్టన్ కాదు. పైన BC517 అనే అచ్చు చక్కగా ఉంది. ప్లాస్టిక్ తొడుగు, కాళ్ల అమరిక అన్నీ అసలుదానిలాగే ఉన్నాయి. లోపల మాత్రం రెండు ట్రాన్సిస్టర్ల జత లేదు, BC547 తరహా ఒంటి ట్రాన్సిస్టర్ ఉంది. కంటితో చూసి కనిపెట్టడం సాధ్యం కాదు. పైగా సర్క్యూట్ పూర్తిగా చచ్చిపోదు, ఏదో పనిచేస్తున్నట్టే ఉంటుంది. అందుకే చాలామంది తప్పు తమ సోల్డరింగ్‌లోనో డిజైన్‌లోనో ఉందని వెతుక్కుంటూ సమయం పాడుచేసుకుంటారు.

మోసం ఎక్కడ దెబ్బతీస్తుందో చెప్పాలంటే ముందు ఆ జత చేసే పని చూడాలి. డార్లింగ్టన్‌లో మొదటి ట్రాన్సిస్టర్ ఎమిటర్ కరెంటు నేరుగా రెండోదాని బేస్‌లోకి వెళ్తుంది. రెండు కలెక్టర్లూ కలిసి ఉంటాయి. మొదటిది పెంచిన కరెంటును రెండోది మళ్లీ పెంచుతుంది కాబట్టి మొత్తం గెయిన్ దాదాపు రెండింటి గెయిన్‌ల లబ్ధం. BC517 డేటాషీట్‌లో 20 మిల్లీయాంపియర్ల దగ్గర కనీస గెయిన్ 30,000 అని ఉంటుంది. మామూలు BC547కి అది రకాన్నిబట్టి 110 నుంచి 800 వరకు ఉంటుంది.

ఎమిటర్ ఫాలోయర్‌లో ఈ తేడా నేరుగా ఇన్‌పుట్ నిరోధంగా కనిపిస్తుంది. బేస్ వైపు నుంచి చూస్తే, ఎమిటర్ దగ్గరున్న నిరోధం సుమారుగా గెయిన్ రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. వోల్టేజి పెరగదు, దాదాపు అంతే బయటికి వస్తుంది. కానీ బలహీనమైన మూలం నుంచి అతి తక్కువ కరెంటు తీసుకుని, బరువైన లోడ్‌కు కావలసినంత కరెంటు ఇస్తుంది. బఫర్ చేయవలసిన పని ఇదే. గెయిన్ 30,000 బదులు 200 ఉంటే ఆ పని జరగదు.

నేను పెట్టుకున్నది గిటారుకు అతికించే పీజో బిళ్ల కోసం బఫర్. సరఫరా 12 వోల్టులు. బేస్‌కు బయాస్ ఇవ్వడానికి పైన ఒక మెగాఓం, కింద ఒక మెగాఓం. ఎమిటర్ నుంచి గ్రౌండ్‌కు 1 కిలోఓం. కెపాసిటర్ ద్వారా కలిపిన తర్వాతి దశ ఇన్‌పుట్ కూడా 1 కిలోఓమే, కాబట్టి సిగ్నల్‌కు ఎమిటర్ దగ్గర కనిపించేది 500 ఓంలు. అసలు జత అయితే బేస్ వైపు నుంచి అది 15 మెగాఓంలుగా కనిపిస్తుంది. బయాస్ రెసిస్టర్లు రెండూ సమాంతరంగా 500 కిలోఓంలు కాబట్టి మొత్తం ఇన్‌పుట్ నిరోధం సుమారు 484 కిలోఓంలు. పీజో కెపాసిటన్స్ 10 నానోఫారడ్‌లు అనుకుంటే ధ్వని బాగా తగ్గిపోయే హద్దు 33 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. గిటారు మందపు తీగ 82 హెర్ట్జ్. ఆ స్థాయిలో సిగ్నల్‌లో 93 శాతం నిలబడుతుంది.

ఇప్పుడు అదే చోట గెయిన్ 200 ఉన్న నకిలీని పెట్టి చూడండి. 500 ఓంలు బేస్ వైపు నుంచి 100 కిలోఓంలు మాత్రమే అవుతాయి. బయాస్ రెసిస్టర్లతో కలిపితే మొత్తం సుమారు 83 కిలోఓంలకు పడిపోతుంది. హద్దు 190 హెర్ట్జ్‌కు ఎగబాకుతుంది. మందపు తీగ సిగ్నల్‌లో 40 శాతమే మిగులుతుంది. వినడానికి పలచగా, రేకు మీద వాయించినట్టు ఉంటుంది. తీగను గట్టిగా మీటితే ధ్వని చిట్లుతుంది కూడా. ఆ చిట్లడానికి కారణం వేరు. నకిలీ తీసుకునే బేస్ కరెంటు వల్ల బయాస్ వోల్టేజి కుంగి, ఎమిటర్ దగ్గర నిలవాల్సిన నాలుగున్నర వోల్టులకు పైగా ఉండే వోల్టేజి ఒకటిన్నరకు దిగజారిపోతుంది. సిగ్నల్ కిందికి దిగడానికి చోటు ఉండదు.

ఈ దిగజారడమే నకిలీని పట్టుకోవడానికి మనకు దొరికిన ఆధారం. సిగ్నల్, పీజో, ఆసిలోస్కోప్ ఏవీ అక్కర్లేదు. బ్రెడ్‌బోర్డ్ మీద 12 వోల్టుల సరఫరా, రెండు ఒక మెగాఓం రెసిస్టర్లు, ఎమిటర్‌కు ఒక 1 కిలోఓం చాలు. కలెక్టర్‌ను నేరుగా సరఫరాకు, బేస్‌ను ఆ రెండు మెగాఓం రెసిస్టర్లు కలిసే మధ్య బిందువుకు కలపండి. ఎమిటర్ దగ్గర వోల్టేజి చూడండి. లెక్క ఇది:

```
IB = (6 - VBE) / (500k + hFE × 1k)
VE = IB × hFE × 1k

hFE = 30000, VBE = 1.25 V :  VE ≈ 4.7 V
hFE = 10000, VBE = 1.25 V :  VE ≈ 4.5 V
hFE = 200,   VBE = 0.65 V :  VE ≈ 1.5 V
```

మధ్య వరసను కావాలనే పెట్టాను. కరెంటు తక్కువగా ఉన్నప్పుడు డార్లింగ్టన్ గెయిన్ తగ్గుతుంది. ఈ సర్క్యూట్‌లో ప్రవహించేది 5 మిల్లీయాంపియర్ల లోపే కాబట్టి డేటాషీట్‌లోని 30,000 ఇక్కడ రాకపోవచ్చు. గెయిన్ మూడో వంతుకు పడిపోయినా వోల్టేజి మాత్రం నాలుగున్నర దగ్గరే ఉంటుంది. ఒకటిన్నరకూ నాలుగున్నరకూ మధ్య సందేహానికి తావు లేదు. నాకు వచ్చినవన్నీ ఒకటిన్నర, రెండు వోల్టుల మధ్యే చూపించాయి.

కొలిచేటప్పుడు మీటర్ మొనను ఎమిటర్ దగ్గరే పెట్టండి, బేస్ దగ్గర కాదు. సాధారణ డిజిటల్ మీటర్ నిరోధం 10 మెగాఓంలు. 500 కిలోఓంల బిందువు దగ్గర పెడితే అదే కొంత కరెంటు లాగేస్తుంది. ట్రాన్సిస్టర్ లేకుండా ఆ మధ్య బిందువును కొలిచినా 6 బదులు 5.7 వోల్టులే కనిపిస్తుంది.

కాళ్ల విషయంలోనూ జాగ్రత్త. చదునైన ముఖం మనవైపు, కాళ్లు కిందికి ఉంటే BC517కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. MPSA13 కూడా డార్లింగ్టనే, తొడుగూ ఇలాంటిదే, కానీ దానికి ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. ఒకదాని క్రమంలో రెండోదాన్ని గుచ్చితే నిఖార్సైన ట్రాన్సిస్టర్ కూడా గెయిన్ లేనట్టు కనిపిస్తుంది. అమ్మకందారు మీద ఫిర్యాదు చేసే ముందు ఇది ఒకసారి సరిచూసుకోవడం న్యాయం.

బ్రెడ్‌బోర్డ్ కూడా అందుబాటులో లేకపోతే మీటర్‌లోని డయోడ్ పరీక్షతో సరిపెట్టుకోవచ్చు. ఎర్ర మొన బేస్ మీద పెట్టి, నల్ల మొనను ముందు కలెక్టర్‌కు, తర్వాత ఎమిటర్‌కు తాకించండి. అసలు BC517లో బేస్ నుంచి కలెక్టర్‌కు ఒకటే జంక్షన్, ఎమిటర్‌కు వరసగా రెండు. కాబట్టి మొదటిది 0.65 దగ్గర చూపిస్తే రెండోది 1.2కు పైన చూపించాలి. రెండూ దాదాపు ఒకేలా ఉంటే లోపల జత లేదు.

అయితే ఈ డయోడ్ పరీక్షను TIP122 లాంటి పవర్ డార్లింగ్టన్ల మీద ప్రయోగించి తొందరపడకండి. వాటిలో రెండు జంక్షన్ల పక్కన రెసిస్టర్లు కూడా లోపలే ఉంటాయి. TIP122 డేటాషీట్ బొమ్మలో అవి సుమారు 8 కిలోఓంలు, 120 ఓంలు. మీటర్ పంపే ఒక మిల్లీయాంపియర్ 120 ఓంల గుండా పోయేటప్పుడు 0.12 వోల్టులే ఏర్పడుతుంది, దాంతో రెండో జంక్షన్ తెరుచుకోదు. మీటర్ 0.7 దగ్గర ఆగుతుంది, అచ్చం ఒంటి ట్రాన్సిస్టర్‌లా. వాటికి ఓం మీటరే మేలు. నల్ల మొన బేస్ మీద, ఎర్ర మొన ఎమిటర్ మీద పెడితే అసలుదానిలో కొన్ని కిలోఓంలు కనిపించాలి. ఏమీ కనిపించకపోతే అప్పుడు అనుమానించండి.

మీటర్ మీద ఉండే hFE సాకెట్‌ను మాత్రం రుజువుగా చూపించకండి. అది వందల్లో ఉండే గెయిన్ కోసం చేసినది. అసలు డార్లింగ్టన్ పెడితే OL అనో, అర్థంలేని అంకో చూపుతుంది. నేను మొదట సాకెట్‌లో కనిపించిన గెయిన్ ఫొటో పంపితే అమ్మకందారు "ఆ సాకెట్ డార్లింగ్టన్లకు పనికిరాదు, మా సరుకు అసలుదే" అని ఫిర్యాదు మూసేశారు. సాకెట్ గురించి ఆయన చెప్పింది నిజమే, సరుకు గురించి చెప్పింది కాదు. ఎమిటర్ ఫాలోయర్ కొలతలు, డయోడ్ పరీక్ష ఫొటోలు, పక్కన డేటాషీట్ పేజీ పెట్టి మళ్లీ రాశాక ఇంకో మాట లేకుండా డబ్బు తిరిగి ఇచ్చారు. అమ్మకం పేజీ మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. ఇది రాయడానికి కారణం అదే.

రెడీమేడ్ బఫర్ బోర్డులు కొనేవారు ఇంకో సంగతి చూడాలి. "డార్లింగ్టన్ బఫర్, ఇన్‌పుట్ నిరోధం మెగాఓంలలో" అని రాసి ఉన్న ఒక బోర్డు ఫొటోను పెద్దది చేసి చూశాను. ఇన్‌పుట్ పక్కన ఉన్న రెండు బయాస్ రెసిస్టర్ల మీద 104 అని ఉంది, అంటే ఒక్కొక్కటి 100 కిలోఓంలు. సిగ్నల్‌కు ఆ రెండూ సమాంతరమే కాబట్టి, లోపల ఎంత నిఖార్సైన జత ఉన్నా ఆ బోర్డు ఇన్‌పుట్ నిరోధం 50 కిలోఓంలు దాటదు. నా పీజోకు అయితే హద్దు 318 హెర్ట్జ్, నకిలీ ట్రాన్సిస్టర్ కంటే కూడా అన్యాయం. అక్కడ 105 అని ఉంటే ఒక మెగాఓం. ఫొటోలో అంకెలు కనిపించకపోతే అడగండి, చెప్పకపోతే కొనకండి.

డబ్బు తిరిగి వచ్చేదాకా పని ఆపలేక నేను రెండు BC547లతో జత కట్టుకున్నాను. మొదటిదాని ఎమిటర్ రెండోదాని బేస్‌కు, కలెక్టర్లు రెండూ సరఫరాకు. రెండోదాని బేస్ నుంచి ఎమిటర్‌కు ఒక 100 కిలోఓం రెసిస్టర్ కూడా పెట్టాను, మొదటిదాని లీకేజి కరెంటు రెండోదాన్ని తెరవకుండా దారి మళ్లించడానికి. దాని వల్ల గెయిన్ కొంత తగ్గుతుంది. ఒక్కొక్కటి 200 అనుకుంటే 40,000 బదులు సుమారు 31,000 వస్తుంది, ఈ పనికి అది ధారాళం. పై పరీక్షలోనే పెట్టి చూస్తే ఎమిటర్ దగ్గర 4.7 వోల్టులకు అటూఇటూగా నిలిచింది. మీకు వచ్చిన ప్యాకెట్ నకిలీ అని తేలితే దాన్ని తిప్పి పంపే ముందు కొలతల ఫొటోలు మాత్రం తీసిపెట్టుకోండి. సరుకు చేతులు మారాక మన దగ్గర మిగిలే రుజువు అవే.