పక్కింటి మాస్టారి పుట్టినరోజు: ఫోనా, వాట్సాపా, చేత్తో రాసిన కార్డా?

పక్క వాటాలో ఒక్కరే ఉంటున్న పెద్దాయన పుట్టినరోజు. శుభాకాంక్షలు ఎలా చెప్పినా చెప్పినట్టే అనిపిస్తుంది కానీ, వినే చెవినీ చదివే కంటినీ బట్టి ఫలితం చాలా మారిపోతుంది.

ముందు ఫోన్ సంగతి. వయసుతో వచ్చే వినికిడి లోపంలో మొదట తగ్గేది సన్నని ధ్వనులు. స, శ, ఫ లాంటివి సరిగ్గా పట్టుబడవు. పాత తరహా ఫోన్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే ధ్వనిని పంపుతుంది కాబట్టి ఆ సన్నని భాగం అక్కడే మరింత పోతుంది. గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. సంబంధం లేని చోట "ఆఁ, అలాగే" అన్నారంటే మాట అందలేదనే అర్థం. అప్పుడు అరిస్తే లాభం లేదు, మాట మధ్య కాస్త ఆగుతూ నిదానంగా చెప్పాలి. చెవి బాగా పనిచేసే వాళ్ళకైతే ఫోన్ మంచిదే. బదులు చెప్పే అవకాశం అందులో ఉంది.

వాట్సాప్‌లో వచ్చే పూలదండ బొమ్మకు నా ఓటు లేదు. అలాంటివి రోజూ వస్తూనే ఉంటాయి, తనకోసమే పంపారని తెలిసే గుర్తు అందులో ఏమీ ఉండదు. ఇరవై ముప్పై సెకన్ల వాయిస్ మెసేజ్ దానికంటే చాలా మేలు, ఎన్నిసార్లయినా వినొచ్చు. అపార్ట్‌మెంట్ గ్రూపులో మాత్రం పెట్టకండి. "మన మాస్టారికి ఈ రోజుతో 80" అని రాస్తే ఆయన పుట్టిన తేదీ గ్రూపులో అందరికీ తెలిసిపోతుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళను ఫోన్లో మోసం చేసేవాళ్ళకు కావలసింది అలాంటి వివరమే.

నేనైతే కార్డుకే మొగ్గుతాను. బల్ల మీద నిలబడి ఉంటుంది, రేపు కూడా చదువుకోవచ్చు. కాకపోతే చదవగలిగేలా రాయాలి. వయసు పెరిగేకొద్దీ కంటిలోని కటకం పసుపు రంగుకు తిరుగుతుంది, అందుకే లేత నీలం సిరా వెలిసినట్టు కనిపిస్తుంది. నల్ల సిరా, లావు మొన పెన్ను వాడండి. మెరిసే కాగితం మీద దీపం వెలుగు పడి అక్షరాలు దాగిపోతాయి కాబట్టి మెరుపు లేని తెల్ల కాగితం తీసుకోండి. ఏ4 సైజు దళసరి కాగితాన్ని మధ్యకు మడిస్తే చాలు. అక్షరం ఎత్తు 8 మిల్లీమీటర్లు, ఒక పంక్తి నుంచి మరో పంక్తికి 2 సెంటీమీటర్లు ఉంచాలి. అంత ఖాళీ ఎందుకంటే, తెలుగులో పై పంక్తి వత్తులు కిందికి దిగి, కింది పంక్తి గుడులకు తగులుతాయి. అక్కడే కన్ను తడబడుతుంది. పెన్సిల్‌తో లేతగా గీతలు కొట్టుకుని రాస్తే, లోపలి పేజీలో తొమ్మిది పంక్తులు పడతాయి.

ఆ తొమ్మిది పంక్తుల్లో ఏం రాయాలి? చాలామంది ఇలా రాస్తారు: "ఈ వయసులో కూడా ఇంత హుషారుగా ఉన్నారు. ఒంటరిగా ఉన్నానని అనుకోకండి. ఏం కావాలన్నా అడగండి." ఉద్దేశం మంచిదే. కానీ మొదటి మాట వయసును ఎత్తి చూపింది, రెండోది ఒంటరితనాన్ని గుర్తు చేసింది, మూడోది అడిగే భారాన్ని ఆయన మీదే పెట్టింది. మొహమాటస్తులు ఎన్నటికీ అడగరు.

దాని బదులు ఇలా రాయొచ్చు:

"మాస్టారూ, పుట్టినరోజు శుభాకాంక్షలు. చీకటి పడేలోపే మెట్ల దగ్గర లైటు వేసేది మీరే. మా అమ్మాయి ఆడుకుని వచ్చేసరికి వెలుతురు ఉంటోంది. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఇద్దరం వచ్చి కాసేపు కూర్చుంటాం. – పక్క వాటా పద్మ"

ఇందులో బరువంతా మోసేది ఆ లైటు. ఆయన్ను ఎవరో గమనిస్తున్నారని చెప్పేది అదొక్కటే, ఇంకొకరికి పంపితే అతకదు. రోజూ పిలిచే పిలుపే వాడాలి, కార్డు కోసం కొత్త వరస కలపకూడదు. కింద పేరొక్కటే రాస్తే ఏ పద్మో అని వెతుక్కుంటారు, అందుకే "పక్క వాటా" అని ఉంది. ఆదివారం వెళ్ళడం కుదరదనుకుంటే ఆ వాక్యం తీసేయండి. చెప్పిన వేళకు ఎదురుచూస్తారు.

కార్డును తలుపుకు బయట అంటించకండి, ఇంట్లో పెద్దవాళ్ళున్నారని దారిన పోయే వాళ్ళందరికీ చెప్పినట్టవుతుంది. పొద్దున పది దాటాక బెల్ కొట్టి చేతికివ్వండి. రెండోసారి కొట్టేముందు నిమిషం పైనే ఆగండి. వరసగా మోగిస్తే కంగారుగా లేచి తూలే ప్రమాదం ఉంది. తలుపు తీశాక కార్డులో ఉన్నదే ఒకసారి ఎదురుగా నిలబడి, మొహం కనిపించేలా చెప్పండి. పెదవుల కదలిక చూస్తే ఫోన్లో అందని మాటలు చాలావరకు అందుతాయి.