ఫ్రేమ్ పెంచితే ఫాల్ట్‌లు పెరిగాయి: ఆరేళ్లు వాడాక నాలుగు పేజ్ రీప్లేస్‌మెంట్ పద్ధతుల మీద నా అభిప్రాయం

ఆరేళ్లుగా నా పని డిస్క్ మీది పేజీలను మెమరీలో ఉంచే కాష్ కోడ్ చూసుకోవడం. మెమరీలో ఒక్కో పేజీ పట్టే చోటు ఒక ఫ్రేమ్. ఆ ఫ్రేమ్‌లన్నీ నిండిపోయాక కొత్త పేజీ కోసం పాతవాటిలో దేన్ని తీసేయాలన్నదే రోజూ ఎదురయ్యే ప్రశ్న. ఫిఫో, ఎల్ఆర్‌యూ, క్లాక్, ఆప్టిమల్, ఈ నాలుగింటినీ ఒక చిన్న సిమ్యులేటర్‌లో రాసుకున్నాను. కోడ్‌లో ఏ మార్పు చేసినా ముందు దాంట్లో నడిపి చూస్తాను. ప్రతిసారీ మొదట ఇచ్చే రిఫరెన్స్ స్ట్రింగ్, అంటే పేజీలను అడిగే వరస, మాత్రం ఒక్కటే:

```
1 2 3 4 1 2 5 1 2 3 4 5
```

పన్నెండు రిఫరెన్స్‌లు, ఐదు పేజీలు. చేత్తో వేసుకున్నా పది నిమిషాల పని. అయినా నాలుగు పద్ధతుల స్వభావమూ ఇందులో బయటపడుతుంది.

ముందు ఫిఫో. ముందొచ్చిన పేజీ ముందు పోతుంది, అంతే. అడిగిన పేజీ మెమరీలో ఉంటే హిట్, లేక డిస్క్ నుంచి తేవాల్సి వస్తే ఫాల్ట్. మూడు ఫ్రేమ్‌లు ఇస్తే 9 ఫాల్ట్‌లు వచ్చాయి. నాలుగు ఇస్తే 10. మొదటిసారి చూసినప్పుడు నా కోడ్‌లోనే తప్పుందనుకుని కాగితం మీద గడులు గీసి లెక్కపెట్టాను. తప్పు లేదు. బెలేడీ, నెల్సన్, షెడ్లర్ అనే ముగ్గురు 1969లోనే దీన్ని చూపించారు. అందుకే దీనికి బెలేడీ అనామలీ అని పేరు.

చాలామంది ఆ రెండు అంకెలు గుర్తుపెట్టుకుని ముందుకెళ్లిపోతారు. నా ఉద్దేశంలో అసలు చూడాల్సింది ఏడో రిఫరెన్స్ దగ్గర ఏం జరిగిందన్నది. మూడు ఫ్రేమ్‌లున్నప్పుడు 4 రాగానే 1 పోయింది. వెంటనే 1 కావాల్సి వచ్చి ఫాల్ట్, తర్వాత 2 కోసం ఇంకో ఫాల్ట్. నష్టమే, కానీ ఆ ఫాల్ట్‌ల వల్ల 1, 2 క్యూలో వెనక్కి చేరి కొత్తవైపోయాయి. 5 వచ్చినప్పుడు పోయింది 4. మిగిలినవి 1, 2, 5. ఆ తర్వాత అడిగినవి సరిగ్గా 1, 2. రెండూ హిట్లే.

నాలుగు ఫ్రేమ్‌లున్నప్పుడు ఐదు, ఆరు రిఫరెన్స్‌లలో 1, 2 మెమరీలోనే దొరికాయి. కానీ ఫిఫోకి హిట్ అంటే లెక్కే లేదు. ఇప్పుడే వాడాం అన్న గుర్తు ఎక్కడా పడదు. అందుకే 5 రాగానే అన్నిటికన్నా పాతదని 1ని తీసేసింది. మిగిలినవి 2, 3, 4, 5. వెంటనే 1 కావాలి, దానికోసం 2 పోయింది. తర్వాత 2 కావాలి, దానికోసం 3 పోయింది. అలా 5 వచ్చిన దగ్గర్నుంచి చివరిదాకా ఏది అడగబోతామో దాన్నే ఒక అడుగు ముందు బయటకి పంపుతూ వరసగా ఆరు ఫాల్ట్‌లు.

ఏడో రిఫరెన్స్ అయ్యాక రెండు మెమరీలనూ పక్కపక్కన పెట్టండి. చిన్నదాంట్లో 1, 2, 5. పెద్దదాంట్లో 2, 3, 4, 5. చిన్నదాంట్లో ఉన్న 1 పెద్దదాంట్లో లేదు. అనామలీకి దారి తెరుచుకునేది ఇక్కడే. చిన్న మెమరీలో ఉన్న ప్రతి పేజీ పెద్ద మెమరీలో కూడా ప్రతి క్షణం ఉంటే, ఫ్రేమ్‌లు పెంచినందుకు ఫాల్ట్‌లు పెరిగే అవకాశమే లేదు. ఈ గుణమున్న పద్ధతులను స్టాక్ అల్గారిథమ్‌లు అంటారు. 1970లో మాట్సన్, ఆయన సహచరులు వీటిని వివరించారు. వాడి అన్నిటికన్నా ఎక్కువ సేపైన పేజీని తీసేసే ఎల్ఆర్‌యూ, మళ్లీ అన్నిటికన్నా ఆలస్యంగా అడగబోయే పేజీని తీసేసే ఆప్టిమల్, రెండూ ఈ కోవలోవే.

కోడ్‌లో చూస్తే ఫిఫోకీ ఎల్ఆర్‌యూకీ తేడా `return`కి ముందున్న మూడు లైన్లే:

```python
def lru(refs, n):
    q, faults = [], 0
    for p in refs:
        if p not in q:
            faults += 1
            if len(q) == n:
                q.pop(0)
            q.append(p)
        else:
            q.remove(p)
            q.append(p)
    return faults
```

`else` భాగం తీసేస్తే అది ఫిఫో. హిట్ అయిన పేజీని క్యూ చివరికి జరపడమే మొత్తం మార్పు. ఇదే స్ట్రింగ్ మీద ఎల్ఆర్‌యూకి మూడు ఫ్రేమ్‌లతో 10, నాలుగుతో 8 ఫాల్ట్‌లు. ఒక్క విషయం గమనించండి. మూడు ఫ్రేమ్‌ల దగ్గర ఎల్ఆర్‌యూ ఫిఫో కన్నా వెనకబడింది. అనామలీ లేనంత మాత్రాన ప్రతి స్ట్రింగ్ మీదా తక్కువ ఫాల్ట్‌లు వస్తాయని కాదు. ఐదు పేజీలను 1 నుంచి 5 దాకా మళ్లీ మళ్లీ చదివే లూప్‌కి నాలుగు ఫ్రేమ్‌లు ఇచ్చి చూడండి, ఎల్ఆర్‌యూకి ఒక్క హిట్ కూడా రాదు. అయినా ఫ్రేమ్‌లు పెంచాలా అని ఎవరైనా అడిగితే, పెంచినా నష్టం లేదని ధైర్యంగా చెప్పగలను. నాకు అది చాలా పెద్ద ఊరట.

ఆప్టిమల్ 7, 6 ఇస్తుంది. ముందు ముందు ఏ పేజీ అడుగుతామో తెలిస్తేనే అది పనిచేస్తుంది కాబట్టి కొలబద్దగా మాత్రమే వాడతాను.

ఇక క్లాక్. నన్ను బాగా టెన్షన్ పెట్టింది ఇదే. నిజం ఎల్ఆర్‌యూలో ప్రతి హిట్‌కీ లిస్టు సర్దాలి. అది ఖరీదైన పని కాబట్టి ప్రతి పేజీకీ ఒక బిట్ పెట్టి, పేజీని వాడినప్పుడల్లా దాన్ని 1 చేస్తాం. చోటు కావాల్సినప్పుడు పేజీల చుట్టూ గడియారంలా ఒక ముల్లు తిరుగుతూ, బిట్ 1 ఉంటే 0 చేసి వదిలేస్తుంది, 0 ఉంటే ఆ పేజీని తీసేస్తుంది. నా సిమ్యులేటర్‌లో ఈ స్ట్రింగ్‌కి 10, 8 వచ్చాయి. అచ్చం ఎల్ఆర్‌యూ అంకెలే. క్లాక్‌కి అనామలీ లేదని నోట్స్‌లో రాసేసుకున్నాను.

చాలా కాలం తర్వాత అసలు కాష్ కోడ్‌కి ఇదే స్ట్రింగ్ ఇచ్చాను. 9, 10 వచ్చాయి. అవి ఫిఫో అంకెలు! రెండు రోజులు వెతికాక తేడా ఒక్క అంకెలో దొరికింది. సిమ్యులేటర్‌లో కొత్తగా తెచ్చిన పేజీకి బిట్ 0 పెట్టాను, అసలు కోడ్‌లో అది 1తో మొదలవుతోంది. 1తో మొదలైతే నాలుగు ఫ్రేమ్‌ల దగ్గర 1 నుంచి 4 దాకా పేజీలు వచ్చేసరికే అన్ని బిట్లూ 1. తర్వాత 1, 2కి హిట్ వచ్చినా ఉన్న 1 మళ్లీ 1 అవుతుందే తప్ప కొత్తగా ఏ గుర్తూ పడదు. 5 వచ్చినప్పుడు ముల్లు ఒక చుట్టు తిరిగి అన్నిటినీ 0 చేసి, బయల్దేరిన చోటికే వచ్చి 1ని తీసేస్తుంది. ఆ క్షణంలో క్లాక్ ఫిఫోయే.

సరైనది అసలు కోడే. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫాల్ట్ తీరాక ఆగిన ఇన్‌స్ట్రక్షన్ మళ్లీ నడుస్తుంది, పేజీని ముట్టుకుంటుంది, హార్డ్‌వేర్ బిట్‌ను 1 చేస్తుంది. నా కాష్‌లోనూ పేజీని తెచ్చేది వెంటనే చదవడానికే. 0తో మొదలుపెట్టిన నా సిమ్యులేటర్ జరగని సంగతి చూపిస్తూ వచ్చింది.

అలాగని క్లాక్‌ను వదల్లేదు. ఈ నాలుగింటిలో, హిట్‌ను లెక్కలోకి తీసుకుంటూ నిజంగా వాడగలిగినవాటిలో, దానంత తేలికైనది నాకు ఇంకోటి లేదు. మారింది పరీక్షించే తీరు. ఒక్క ఫ్రేమ్ సంఖ్య దగ్గర ఫాల్ట్‌లు కొలిచి ఊరుకోను. ఫ్రేమ్‌లను ఒక్కొక్కటిగా పెంచుతూ అదే స్ట్రింగ్ నడుపుతాను. ఎక్కడైనా అంకె పెరిగితే, ఆ రెండు సైజుల్లో ప్రతి రిఫరెన్స్ తర్వాత ఏ పేజీలున్నాయో పక్కపక్కన ప్రింట్ చేస్తాను. చిన్నదాంట్లో ఉండి పెద్దదాంట్లో లేని పేజీ మొదటిసారి కనిపించిన లైన్ దగ్గర ఆగి, అక్కణ్నించి వెనక్కి చదువుకుంటూ వెళ్తాను. ఈ స్ట్రింగ్‌లో ఆ లైన్ ఏడోది.